ప్రాజెక్టు డైరీ: బిట్‌కాయిన్ మొదటి బ్లాక్‌ని మన లాప్‌టాప్‌లో మళ్ళీ లెక్కేయడం

ఏం చేద్దామనుకున్నా

బిట్‌కాయిన్ ట్రాన్సాక్షన్లని బ్లాకులుగా కట్టే మైనర్లు "క్లిష్టమైన గణిత సమస్యలు" సాల్వ్ చేస్తారని ప్రతి పేపర్లోనూ రాస్తారు, ఆ సమస్య ఏందో మాత్రం ఎవరూ రాయరు. అందుకని 2009 జనవరి 3 నాటి మొట్టమొదటి బ్లాక్‌ని తీసుకుని, దాని హ్యాష్‌ని, అంటే ఆ డేటాని షా-256 అనే ఫంక్షన్‌లో వేస్తే వచ్చే 256 బిట్ల నంబరుని, సొంతంగా పైథాన్‌లో రాబట్టి, ఆ తర్వాత చిన్న సైజులో మైనింగ్ కూడా చేసి చూద్దామని మొదలుపెట్టినా. తిరుపతిలో ఇంట్లో ఉండే పాత లాప్‌టాపే, గ్రాఫిక్స్ కార్డు కూడా లేదు. నాతో పాటు యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ చదివే మా తమ్ముడు కూర్చున్నాడు, ప్రతి దానికీ "ఎందుకట్ల?" అంటా ఉంటాడు, దానివల్లే ఈ డైరీలో సగం విషయం వచ్చింది.

శనివారం: ఎనభై బైట్లు

మైనర్ హ్యాష్ చేసేది బ్లాక్ మొత్తాన్ని కాదు, దాని హెడర్‌ని మాత్రమే. హెడర్ సైజు ఎప్పుడూ 80 బైట్లే, బ్లాక్‌లో ఒక్క ట్రాన్సాక్షన్ ఉన్నా మూడు వేలున్నా అంతే. అందులో ఆరు అంశాలు ఉంటాయి: వెర్షన్, ముందు బ్లాక్ హ్యాష్, మెర్కిల్ రూట్, టైమ్, బిట్స్, నాన్స్. మెర్కిల్ రూట్ అంటే బ్లాక్‌లోని ట్రాన్సాక్షన్లన్నింటినీ జతలు జతలుగా హ్యాష్ చేసుకుంటూ పోతే చివర్లో మిగిలే ఒక్క హ్యాష్. ఏ ట్రాన్సాక్షన్లో ఒక్క బైటు మారినా ఇది మారిపోతుంది. బిట్స్ అనేది టార్గెట్‌ని, అంటే హ్యాష్ దాటకూడని హద్దుని, కుదించి రాసే పద్ధతి. నాన్స్ అనేది మైనర్ తన ఇష్టమొచ్చినట్టు మార్చుకోవడానికి ఇచ్చిన నాలుగు బైట్ల నంబరు, దానికి వేరే అర్థం ఏమీ లేదు.

మొదటి బ్లాక్ వివరాలన్నీ అందరికీ తెలిసినవే, వాటితో రాసిన కోడ్ ఇది:

```python
import hashlib, struct

def dsha(b):
    return hashlib.sha256(hashlib.sha256(b).digest()).digest()

prev = "00" * 32
root = "4a5e1e4baab89f3a32518a88c31bc87f618f76673e2cc77ab2127b7afdeda33b"
t, bits, nonce = 1231006505, 0x1d00ffff, 2083236893

h = (struct.pack("<I", 1) + bytes.fromhex(prev)[::-1]
     + bytes.fromhex(root)[::-1] + struct.pack("<III", t, bits, nonce))
print(len(h), dsha(h)[::-1].hex())
```

రన్ చేస్తే 80 అని, పక్కన ఇది వచ్చింది:

```
000000000019d6689c085ae165831e934ff763ae46a2a6c172b3f1b60a8ce26f
```

2009లో ఎవరో ఒకరు, పేరు సతోషి నకమోటో అని పెట్టుకున్న మనిషి, వెతికి పట్టుకున్న నంబరు ఇక్కడ మన టేబుల్ మీద మళ్ళీ అదే జవాబు ఇచ్చింది, దానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు, ఎవర్నీ నమ్మనక్కర్లేదు, నాకు చాలా సంతోషమేసింది.

దీన్ని ట్రై చేసేవాళ్ళు గమనించాల్సింది `[::-1]` అనే భాగం. స్క్రీన్ మీద మనం చూసే హ్యాష్‌లు బైట్లు తిరగేసి చూపించినవి, హెడర్ లోపల అవి వెనక నుంచి ముందుకి ఉంటాయి. మెర్కిల్ రూట్‌ని గానీ చివరి హ్యాష్‌ని గానీ తిరగేయడం మర్చిపోతే ఎర్రర్ ఏమీ రాదు, హ్యాష్ చక్కగానే వస్తుంది, కాకపోతే ముందర సున్నాలు ఉండవు. సున్నాలు లేవంటే ముందు చూడాల్సింది బైట్ల వరస, ఆ తర్వాత నంబర్లు ఏమన్నా తప్పు కొట్టినామా అని.

తర్వాత టైమ్‌ని ఒక్క సెకను పెంచి 1231006506 అని పెట్టి మళ్ళీ రన్ చేసినా. సున్నాలన్నీ పోయినాయి, పాత హ్యాష్‌కీ కొత్త దానికీ ఏ పోలికా లేదు. అంటే 2083236893 అనే నాన్స్ ఆ ఒక్క హెడర్‌కే పనికొస్తుంది, వేరే హెడర్‌కి అది ఉత్త నంబరు.

అదే రోజు రాత్రి: టార్గెట్

బిట్స్ విలువ `0x1d00ffff`. మొదటి బైటు `1d` అంటే 29, మిగతా మూడు బైట్లు `00ffff`. టార్గెట్ ఫార్ములా ఇది:

```
target = 0x00ffff * 256**(29 - 3)
```

హ్యాష్‌ని ఒక పెద్ద పూర్ణాంకంగా చదివితే అది ఈ టార్గెట్‌కి సమానంగానో తక్కువగానో ఉండాలి, రూల్ అంతే. "ముందు ఇన్ని సున్నాలు రావాలి" అని అంటా ఉంటారు గానీ అసలు రూల్ సున్నాలు లెక్కపెట్టడం కాదు, రెండు నంబర్లు పోల్చడం. సున్నాల లెక్క అయితే కష్టాన్ని ఒక్కో బిట్‌కి రెట్టింపు చేయడమో సగం చేయడమో తప్ప మధ్యలో ఆపలేం, నంబరు పోలిక కాబట్టి కష్టాన్ని ఒక శాతం కూడా పెంచుకోవచ్చు. 2009 డిసెంబరు చివర్లో 32256వ బ్లాక్ దగ్గర డిఫికల్టీ, అంటే మొదటి బ్లాక్ కంటే ఎన్ని రెట్లు కష్టమో చెప్పే నంబరు, మొట్టమొదటిసారి మారినప్పుడు 1 నుంచి దాదాపు 1.18కి పోయింది, సున్నాలు లెక్కపెట్టే పద్ధతిలో అది కుదరదు.

షా-256 జవాబు ఏ 256 బిట్ల నంబరైనా కావచ్చు, ముందుగా ఊహించే దారి లేదు. ఆ టార్గెట్ కంటే కింద పడాలంటే సగటున 2^32 సార్లు, అంటే దాదాపు 429 కోట్ల సార్లు ప్రయత్నించాలి. మా లాప్‌టాప్ పైథాన్‌లో సెకనుకి ఆరు లక్షల చిల్లర చేస్తా ఉంది, ఆ లెక్కన సగటున రెండు గంటలు. 2009లో మామూలు కంప్యూటర్ మీద మైనింగ్ ఎందుకు జరిగిందో దీన్నిబట్టే అర్థమైంది.

ఆదివారం పొద్దున: అసలు లోపల జరిగేది

మైనింగ్ మెషిన్ చేసే "లెక్క" ఏందో బిట్ల స్థాయిలో చూద్దామని కూర్చున్నాం. షా-256 డేటాని 64 బైట్ల ముక్కలుగా తీసుకుంటుంది, ఒక్కో ముక్కకి 64 రౌండ్లు తిప్పుతుంది, ఒక్కో రౌండ్‌లో చేసేది 32 బిట్ల నంబర్లని కూడడం, బిట్లని పక్కకి తిప్పడం, మూడు నంబర్లలో ఏ బిట్ తీసుకోవాలో ఎంచడం, అంతే. గుణకారం కూడా లేదు. ఈక్వేషన్ సాల్వ్ చేయడం లేదు, ప్రధాన సంఖ్యలు వెతకడం లేదు.

మన 80 బైట్ల హెడర్ ఆ 64కి సరిపోదు, రెండు ముక్కలవుతుంది. మొదటి ముక్కలో వెర్షన్, ముందు బ్లాక్ హ్యాష్, మెర్కిల్ రూట్‌లో మొదటి 28 బైట్లు పడతాయి. రెండో ముక్కలో మెర్కిల్ రూట్ చివరి 4 బైట్లు, టైమ్, బిట్స్, నాన్స్, మిగతాదంతా ప్యాడింగ్. అంటే నాన్స్ మార్చినంత మాత్రాన మొదటి ముక్క మారదు! దాన్ని ఒక్కసారి తిప్పి ఆ మధ్యలో వచ్చిన స్థితిని దాచిపెట్టుకుంటే ప్రతిసారీ రెండో ముక్క నుంచే మొదలుపెట్టొచ్చు. దాన్ని మిడ్‌స్టేట్ అంటారు. ఇది పైథాన్‌లోనే చేయొచ్చు:

```python
mid = hashlib.sha256(h[:64])
tail = h[64:76]

def attempt(n):
    a = mid.copy()
    a.update(tail + struct.pack("<I", n))
    return hashlib.sha256(a.digest()).digest()
```

హెడర్‌కి రెండు, ఆ జవాబుని రెండోసారి హ్యాష్ చేయడానికి ఒకటి, ఇట్ల డబుల్ హ్యాష్‌కి మొత్తం మూడు ముక్కల పని పట్టాల్సింది రెండుకి తగ్గింది. మా దగ్గర వేగం మాత్రం ఒకటిన్నర రెట్లు కాలేదు, కొంచెమే పెరిగింది, ఎందుకంటే పైథాన్‌లో టైమ్ ఎక్కువగా పోయేది హ్యాష్‌లో కాదు, ఆ ఫంక్షన్లని పిలవడంలో. చిప్‌లో అయితే ఈ మూడో వంతు పని పూర్తిగా మిగులుతుంది, మైనింగ్‌లో ఇది వాడేది అందుకే.

`attempt`ని 2083000000 నుంచి మొదలుపెట్టి పైకి నడిపితే సెకను కూడా కాకముందే 2083236893 దగ్గర ఆగింది. సున్నా నుంచి మొదలుపెడితే ఇదే వేగంలో గంట దాకా పట్టేది.

ఇంకో విషయం ఇక్కడే తెలిసింది. నాన్స్ నాలుగు బైట్లే కాబట్టి 429 కోట్ల విలువల తర్వాత అయిపోతుంది. సెకనుకి 200 టెరాహ్యాష్, అంటే 200 లక్షల కోట్ల హ్యాష్‌లు చేసే మెషిన్, ఆంట్‌మైనర్ ఎస్21 లాంటిది, ఆ మొత్తాన్ని సెకనులో నలభై వేల వంతు లోపలే తినేస్తుంది. అప్పుడేం చేస్తారంటే బ్లాక్‌లో మొదటి ట్రాన్సాక్షన్, దాన్ని కాయిన్‌బేస్ అంటారు, మైనర్ తన రివార్డు తనకి రాసుకునేది, అందులో ఖాళీగా ఉండే చోట ఒక ఎక్స్‌ట్రా నంబరు పెట్టి మారుస్తారు. అది మారితే మెర్కిల్ రూట్ మారుతుంది, హెడర్ కొత్తదవుతుంది, నాన్స్‌ని మళ్ళీ సున్నా నుంచి తిప్పొచ్చు.

ఆదివారం మధ్యాహ్నం: తమ్ముడి ప్రశ్న

సొంత టార్గెట్ పెట్టి చిన్న మైనింగ్ చేసినాం. ముందు 20 బిట్లు సున్నాలు రావాలంటే సగటున 10.5 లక్షల ప్రయత్నాలు, రెండు సెకన్ల లోపు. 24 బిట్లకి 1.68 కోట్లు, అర నిమిషం చిల్లర తక్కువ. సగటు లెక్కకి సరిపోతా ఉంది గానీ ఒక్కొక్క పరుగు చూస్తే ఎక్కడికో పోతా ఉంది, ఒకసారి మూడు సెకన్లకే దొరికింది, ఇంకోసారి నిమిషం దాటినా దొరకలే. తమ్ముడు దాన్నే పట్టుకున్నాడు, "అన్నా, ఇరవై సెకన్లు అయిపోయింది కదా, ఇంక ఎనిమిది సెకన్లే కదా మిగిలింది?" అన్నాడు.

కాదు. ఇరవై సెకన్లు తిప్పినా ఇంకా సగటున ఇరవై ఎనిమిది సెకన్లే మిగిలి ఉంటాయి. ఇప్పటిదాకా చేసిన పని దేనికీ జమ కాదు. స్టాటిస్టిక్స్‌లో దీన్ని మెమరీలెస్ అంటారని వాడే చెప్పినాడు. బిట్‌కాయిన్‌లో కూడా పది నిమిషాలకో కొత్త బ్లాక్ అనేది సగటే, ఏ బ్లాక్‌కైనా అరగంట దాటే అవకాశం 5 శాతం, గంట దాటేది 0.25 శాతం. రోజుకి 144 బ్లాకులంటే గంట దాటిన గ్యాప్ రెండు మూడు రోజులకొకసారి మామూలుగానే వస్తుంది, అప్పుడు నెట్‌వర్క్‌కి ఏదో అయిందని భయపడేవాళ్ళు ఉంటారు, ఏమీ అయ్యుండదు.

అయితే వాడి తర్వాతి ప్రశ్న ఇంకా మంచిది. "ఇట్ల గుడ్డిగా వెతికే బదులు, నిజంగా ఒక పెద్ద లెక్క ఇచ్చి ఫస్ట్ పూర్తి చేసినోడికి రివార్డు అంటే సరిపోదా?"

దీనికి జవాబు మాటల్లో చెప్పేకంటే సిమ్యులేషన్ రాసి చూపిద్దామనిపించింది. A, B అని ఇద్దరు మైనర్లు, A దగ్గర B కంటే మూడు రెట్ల పవర్ ఉంది.

```python
import random
A, B, N = 3, 1, 100000
blind = sum(random.expovariate(A) < random.expovariate(B) for _ in range(N))
steps = sum(random.gammavariate(1000, 1/A) < random.gammavariate(1000, 1/B)
            for _ in range(N))
print(blind / N, steps / N)
```

మొదటిది గుడ్డి వెతుకులాట, రెండోది వెయ్యి మెట్లు ఉండే లెక్క, ఒక్కో మెట్టు ఎక్కితే అది జమ అవుతుంది. మొదటి జవాబు 0.75 దగ్గర వచ్చింది, రెండోది 1.0. మెట్ల లెక్కలో వేగంగా ఉన్నోడు ప్రతిసారీ గెలుస్తాడు, రెండోవాడికి నాలుగో వంతు పవర్ ఉన్నా ఒక్క బ్లాక్ కూడా రాదు, వాడు మెషిన్ ఆపేసి పోతాడు, చివరికి మిగిలేది ఒక్కడే. గుడ్డి వెతుకులాటలో మాత్రం పావు వంతు పవర్ ఉన్నోడికి పావు వంతు బ్లాకులు వస్తాయి. మైనర్లు చేసే పని ఎవ్వరికీ పనికిరాని, ముందుకి సాగని పని అయ్యుండటం ఇక్కడ లోపం కాదు, డిజైన్ దాని మీదే నిలబడి ఉంది. పేపర్లలో "సమస్య సాల్వ్ చేయడం" అని రాస్తే సరిగ్గా ఈ విషయమే తలకిందులవుతుంది.

మన ఊరోళ్ళకి ఇది చెప్పాలంటే కొండ మీద సర్వదర్శనం క్యూకీ ఆర్జిత సేవల లక్కీ డిప్‌కీ ఉన్న తేడా. క్యూలో నిలబడిన ప్రతి గంటా జమ అవుతుంది, డిప్‌లో పోయిన నెల పేరు వేసినామని ఈ నెల ఛాన్సు పెరగదు. అయితే డిప్‌లో ఒకే మనిషి వెయ్యి పేర్లు వేయకుండా ఆధార్ అడుగుతారు. బిట్‌కాయిన్‌లో ఆధార్ లేదు, ఎవరైనా రావొచ్చు, ఒక్కడే లక్ష కంప్యూటర్ల వేషంలో రావొచ్చు. కంప్యూటర్‌కో ఓటు అన్నా, ఐపీ అడ్రస్‌కో ఓటు అన్నా అన్నీ పుట్టించొచ్చు. కరెంటు ఖర్చుపెట్టి చేసిన హ్యాష్‌ని మాత్రం పుట్టించలేరు, వెయ్యి పేర్లు పెట్టుకున్నా మెషిన్ ఒకటే అయితే ఛాన్సు ఒకటే. ఈ హ్యాష్ పనినే ప్రూఫ్ ఆఫ్ వర్క్ అంటారు, అది పెట్టింది దీనికే, ఏ ట్రాన్సాక్షన్ ముందు జరిగింది ఏది తర్వాత అనేది తేల్చే హక్కుని గుర్తింపు కార్డు లేకుండా పంచడానికి.

"సరే, ఆ కరెంటుతో ఏదైనా మందుల రీసెర్చ్ లెక్క చేయించొచ్చు కదన్నా" అన్నాడు. నాకూ అట్లే అనిపించేది. కానీ ఆ లెక్కని ఎవరో ఒకరు బయట నుంచి ఇవ్వాలి, ఇచ్చేవాడికి జవాబు ముందే తెలిసుండొచ్చు, లేదా ముందుగానే జవాబులు చేసి నిల్వ పెట్టుకోవచ్చు. హ్యాష్ పనిలో ప్రశ్న ఆ బ్లాక్ లోపల నుంచే పుడుతుంది, ముందు బ్లాక్ హ్యాష్ రాకముందు ఎవరూ మొదలుపెట్టలేరు. పైగా చేయడానికి 429 కోట్ల ప్రయత్నాలు పట్టిన దాన్ని సరిచూడడానికి మనకి ఒక్క `dsha` చాలు. ఈ గుణాలన్నీ కలిసి ఉండే పనికొచ్చే లెక్క దొరకడం చాలా కష్టం. కరెంటు ఖర్చు మాత్రం నిజం, ఎస్21 మెషిన్ ఒక్కటే 3500 వాట్లు, రోజుకి 84 యూనిట్లు, అది చిన్న విషయమని నేను అనను.

సోమవారం: పాతది మార్చాలంటే

బొమ్మ చైన్ ఒకటి చేసినాం, ఇరవై బ్లాకులు, ఒక్కోదానికి 20 బిట్లు. ఐదో బ్లాక్‌లో ఒక ట్రాన్సాక్షన్‌లో పంపిన మొత్తాన్ని మార్చితే దాని మెర్కిల్ రూట్ మారింది, హ్యాష్ మారింది, ఆరో బ్లాక్‌లో రాసున్న "ముందు బ్లాక్ హ్యాష్" తప్పయింది, అక్కడినుంచి ఇరవై దాకా అన్నీ చెల్లకుండా పోయినాయి. మోసం చేయాలంటే ఆ పదహారు బ్లాకులూ మళ్ళీ మైన్ చేయాలి, ఈలోపు నిజాయితీగా ఉన్నోళ్ళు ముందుకి పోతా ఉంటారు. నోడ్లు, అంటే చైన్‌ని దాచుకుని సరిచూసే కంప్యూటర్లు, ఎంచుకునేది ఎక్కువ బ్లాకులున్న చైన్‌ని కాదు, ఎక్కువ పని పోగైన చైన్‌ని. తేలిక టార్గెట్‌తో బ్లాకులు గబగబా పేర్చినా పనికిరాదు.

సతోషి 2008 పేపర్లో దీనికి లెక్క ఉంది, డబ్బు తీసుకునేవాడు ఆ ట్రాన్సాక్షన్ మీద ఆరు బ్లాకులు పడేదాకా ఆగితే, మొత్తం పవర్లో పదో వంతు ఉన్న మోసగాడు ఎప్పటికైనా అందుకునే అవకాశం 0.0002428. సగం కంటే ఎక్కువ పవర్ ఉంటే మాత్రం ఎన్ని బ్లాకులు ఆగినా లాభం లేదు, టైమ్ ఇస్తే అందుకుంటాడు. ఈ కాపలా అంతా పవర్ ఒక్క చేతిలోకి పోకుండా ఉన్నంతవరకే.

సోమవారం సాయంత్రం: చిత్తూరు నుంచి ఫోన్

మామ ఫోన్ చేసినాడు. "ఒరే, ఫోన్లో మైనింగ్ యాప్ ఒకటి ఉందంట, పదివేలు కట్టి ఆన్ చేసి పెడితే రోజూ బిట్‌కాయిన్ వస్తుందంట, మండీలో ఇద్దరు ముగ్గురు వేసుకున్నారు, వేద్దామా?" అని.

నోట్‌బుక్ ఎదురుగానే ఉంది కాబట్టి లెక్కేసి చెప్పినా. 2024 నవంబరులో డిఫికల్టీ 100 ట్రిలియన్ దాటింది. మొదటి బ్లాక్ డిఫికల్టీ 1, దానికి 2^32 ప్రయత్నాలు, కాబట్టి 100 ట్రిలియన్ అంటే ఒక్క బ్లాక్‌కి సగటున 4.3 × 10^23 ప్రయత్నాలు. ఫోన్ బాగా పనిచేసి సెకనుకి కోటి హ్యాష్‌లు చేసిందనుకుందాం, ఒక్క బ్లాక్ దొరకడానికి సగటున 136 కోట్ల సంవత్సరాలు. చాలామంది కలిసి మైన్ చేసి రివార్డు పంచుకునే పూల్‌లో చేరి వాటా తీసుకున్నా బ్లాక్ రివార్డు 3.125 బిట్‌కాయిన్‌లో ఆ ఫోన్ వాటాకి ఒక్క సతోషి, అంటే బిట్‌కాయిన్‌లో పది కోట్ల వంతు, పోగవడానికి నాలుగేళ్ళు దాటుతుంది. బిట్‌కాయిన్ కోటి రూపాయలనుకున్నా ఒక సతోషి పది పైసలు.

"మరి యాప్‌లో రోజూ పెరిగేది కనిపిస్తుందంటారే?" అన్నాడు.

"అది వాళ్ళు స్క్రీన్ మీద రాసే నంబరు మామా. నిజంగా హ్యాష్ చేస్తా ఉంటే ఫోన్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది, ఛార్జింగ్ గబగబా దిగిపోతుంది. యాప్ మూసేసినా నంబరు పెరుగుతుందా అని వాళ్ళని అడుగు" అన్నా. కాసేపటికి మళ్ళీ ఫోన్ చేసి, నెట్ ఆపేసి పెట్టినా పెరిగిందని చెప్పినాడంట మండీలో ఆయన. మామ డబ్బులు కట్టలేదు, కట్టినోళ్ళకి కూడా చెప్తానన్నాడు.

తర్వాత పని

170వ బ్లాక్ తీసుకోవాలి. సతోషి నకమోటో హాల్ ఫిన్నీ అనే ప్రోగ్రామర్‌కి 10 బిట్‌కాయిన్ పంపింది అందులోనే, 2009 జనవరి 12న, మనిషికీ మనిషికీ మధ్య జరిగిన మొదటి ట్రాన్సాక్షన్ అది. కాయిన్‌బేస్‌తో కలిపి రెండే ట్రాన్సాక్షన్లు కాబట్టి మెర్కిల్ రూట్‌ని ఒక్క జతతో చేతితో కట్టొచ్చు. కాయిన్‌బేస్‌లో ఎక్స్‌ట్రా నంబరుని మార్చి రూట్ ఎట్ల మారుతుందో కూడా అక్కడే చూడాలి. తమ్ముడు `attempt`ని సీ లాంగ్వేజ్‌లో రాస్తానన్నాడు, అది వచ్చినాక మొదటి బ్లాక్ నాన్స్‌ని సున్నా నుంచి మొత్తం తిప్పి టైమ్ కొలుస్తాం.